గడియారం పట్టీ కింద చర్మం

అల్లూరు దగ్గర రొయ్యల చెరువుల మీద ఇరవై ఏళ్లుగా తిరుగుతున్నాను. నెత్తికి తువ్వాలు చుట్టుకోవడం తప్ప ఎండకు అడ్డం పెట్టుకుంది లేదు. చెరువు మీద ఎండ పైనుంచే కాదు, నీళ్ల మీద పడి కింది నుంచి కూడా మొహానికి కొడుతుంది. నలభై నాలుగో ఏట ఓ రోజు స్నానానికి వెళ్తూ గడియారం తీస్తే, పట్టీ కింద చర్మం వేరే మనిషిదిలా కనిపించింది. నునుపుగా, పల్చటి రంగులో ఉంది. దాని చుట్టూ ఉన్నదేమో నీళ్లు తీసేసిన చెరువు అడుగులా నెర్రెలిచ్చింది. చాలాసేపు అలాగే చూస్తూ నిలబడ్డాను.

అప్పటికే రెండు చెంపల మీదా మంగు వచ్చింది. మందుల షాపులో అడిగితే ఓ ట్యూబు ఇచ్చారు. కొద్ది రోజుల్లోనే మొహం తెల్లబడింది. సంతోషంగా ఆరు నెలలు పూశాను. ఆ తర్వాత ఒక్క రోజు మానినా మంట, ఎరుపు. చెంపల మీద సన్నటి ఎర్ర నరాలు తేలాయి. పెళ్లిళ్లకు వెళ్లాలంటేనే టెన్షన్‌గా ఉండేది.

మా అమ్మాయి పట్టుబట్టి నెల్లూరులో చర్మ డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్లింది. ఆమె ట్యూబు తిప్పి వెనక చదివి, "ఇందులో స్టెరాయిడ్ ఉందండీ. చర్మం పల్చబడిపోయింది" అన్నారు.

"మొదట్లో తెల్లగా అయ్యానే మేడమ్?"

"తెల్లబడటం వేరు, బాగుపడటం వేరు. మీ రంగు మార్చడానికి నేను మందు ఇవ్వను. ఎండ పాడుచేసిన దాన్ని బాగుచేసుకుందాం."

ఆ మాట నాకు బాగా పట్టింది. ఆ ట్యూబు ఆమె చెప్పిన పద్ధతిలోనే మానాను. మంట తగ్గడానికి నెలలు పట్టింది. ఇప్పుడు ఒంటి సబ్బుతో మొహం రుద్దను. స్నానం చేయగానే, తడి ఆరకముందే మాయిశ్చరైజర్ రాస్తాను. చెరువుకు బయల్దేరే ముందు ఎస్‌పీఎఫ్ 50 సన్‌స్క్రీన్, కొంచెం రంగున్నది. అందులోని ఐరన్ ఆక్సైడ్, మంగును పెంచే మామూలు వెలుతురును కూడా ఆపుతుందట. మొదటి రోజు మా అమ్మాయి చూపుడు వేలు, నడిమి వేలు చాపించి, వాటి పొడవునా రెండు గీతలు పిండింది. "మొహానికీ మెడకీ ఇంత కావాలి నాన్నా. బొట్టంత పెట్టుకుంటే పని చేయదు."

రెండు గంటలకోసారి మళ్లీ పూయాలి. మేత వేసిన రెండు గంటలకు, రొయ్యలు ఎంత తిన్నాయో తెలియడానికి చెరువులో పెట్టిన చెక్ ట్రే లేపి చూడటం మాకు అలవాటే కాబట్టి, ట్రే లేపే ముందు మొహం తుడుచుకుని పూసుకుంటున్నాను. నిండు చేతుల చొక్కా, వెడల్పు అంచు టోపీ కూడా వచ్చాయి. మంగు పూర్తిగా పోలేదు. అంచులు చెరిగాయి, అంతే. నాకు అది చాలు.

మొన్న మేత వేసే కుర్రాడు ముక్కు మీద పొట్టు లేచిపోయి కనిపించాడు. రెండు వేళ్లు చాపమని క్రీము పిండాను.

"పూసుకుంటే తెల్లబడతానా అన్నా?"

"తెల్లబడవు. ఎండకు ఇట్టా కాలిపోకుండా ఉంటావు. చెవుల మీద కూడా రాసుకో."