అయిదు అర్ధజీవితకాలాల తర్వాత నమూనాలో మిగిలే యాక్టివిటీ

ఒక సీసాలో అయోడిన్-131 ద్రావణం ఉంది. సోమవారం ఉదయం పది గంటలకు దాని యాక్టివిటీ 640 మెగాబెక్వెరెల్ అని సీసాకు అంటించిన చీటీ మీద రాసి ఉంది. నలభై రోజుల తర్వాత అదే సమయానికి అందులో ఎంత యాక్టివిటీ మిగిలి ఉంటుందో కనుక్కోవాలి. అయోడిన్-131 అర్ధజీవితకాలం, అంటే ఉన్న కేంద్రకాల్లో సగం విఘటనం చెందడానికి పట్టే కాలం, 8.02 రోజులు; ప్రస్తుతానికి 8 రోజులని తీసుకుందాం.

ఒక బెక్వెరెల్ అంటే సెకనుకు ఒక కేంద్రకం విఘటనం చెందడం. కాబట్టి ఆ సోమవారం సీసాలో ప్రతి సెకనుకూ 64 కోట్ల కేంద్రకాలు విఘటనం చెందుతున్నాయి. వాటిలో ఏది ఎప్పుడు విఘటనం చెందుతుందో ముందుగా చెప్పడం సాధ్యం కాదు, ఎందుకంటే కేంద్రకానికి వయసు పైబడడమనేది లేదు. నిన్న ఏర్పడిన కేంద్రకానికీ నెల కిందట ఏర్పడిన కేంద్రకానికీ రాబోయే ఎనిమిది రోజుల్లో విఘటనం చెందే అవకాశం సరిగ్గా సగమే. ఉన్నవాటిలో సగం పోతాయి గాని మొదట ఉన్నవాటిలో సగం కాదు. విద్యార్థులు తరచుగా తడబడేది ఇక్కడే: ఒక అర్ధజీవితకాలంలో సగం పోయింది గనుక రెండింటిలో మొత్తం పోతుందని అనుకుంటారు, లేదా అయిదు అర్ధజీవితకాలాలకు 640ని పదితో భాగించి 64 అని రాస్తారు.

నలభైని ఎనిమిదితో భాగిస్తే అయిదు వస్తుంది. 640ని వరుసగా అయిదుసార్లు సగం చేస్తూ పోతే 320, 160, 80, 40, చివరికి 20 మెగాబెక్వెరెల్ వస్తుంది. దీన్నే సూత్రంగా ఇలా రాస్తాం:

A = A₀ × (1/2)ⁿ, n = t/T
A = 640 × (1/2)⁵ = 640/32 = 20 MBq

ఇందులో A₀ మొదటి యాక్టివిటీ, t గడిచిన కాలం, T అర్ధజీవితకాలం; t, T రెండూ ఒకే ప్రమాణంలో ఉండాలి. ఒకటి గంటల్లో, మరొకటి రోజుల్లో ఉంటే n విలువ పూర్తిగా తప్పుతుంది. 8కి బదులు 8.02 తీసుకుంటే n = 4.99, A = 20.2 మెగాబెక్వెరెల్ అవుతుంది. తేడా ఒక శాతం కూడా లేదు గనుక, ఇక్కడ గుండ్రం చేయడం వల్ల నష్టమేమీ లేదు.

n పూర్ణసంఖ్య కానప్పుడు మాత్రం కొంచెం జాగ్రత్త కావాలి. టెక్నీషియం-99m అర్ధజీవితకాలం సుమారు 6 గంటలు. 800 మెగాబెక్వెరెల్ నమూనాలో 15 గంటల తర్వాత ఎంత మిగులుతుందని అడిగితే n = 2.5 వస్తుంది. రెండు అర్ధజీవితకాలాలకు 200, మూడింటికి 100 కాబట్టి మధ్యలో 150 అని రాయాలనిపిస్తుంది. అది తప్పు, ఎందుకంటే క్షయరేఖ సరళరేఖ కాదు. ప్రతి విరామంలోనూ మొదటి సగంలో ఎక్కువగా, రెండో సగంలో తక్కువగా దిగుతుంది. 800 × (1/2)^2.5 = 141 మెగాబెక్వెరెల్. క్యాలిక్యులేటర్‌లో ఘాతం మీట లేకపోతే 200ను √2తో భాగించినా ఇదే జవాబు వస్తుంది.

విఘటన స్థిరాంకం λ = 0.693/T తో A = A₀e^(−λt) అని రాసినా విషయం అదే. అయితే λ వల్ల మరొక ప్రయోజనం ఉంది: A = λN కాబట్టి కేంద్రకాల సంఖ్య కూడా తెలుస్తుంది. అయోడిన్-131కి λ దాదాపు సెకనుకు 1.0 × 10⁻⁶. అంటే మన సీసాలో మొదట ఉన్న అయోడిన్-131 కేంద్రకాలు సుమారు 6.4 × 10¹⁴. సంఖ్య ఎంత పెద్దగా కనిపించినా, వాటి ద్రవ్యరాశి 0.14 మైక్రోగ్రాము మాత్రమే!

ప్రయోగశాలలో కౌంటర్‌తో కొలిచేటప్పుడు ఇంకొక చిక్కు ఎదురవుతుంది. అయోడిన్-131 ఉన్న మరొక బలహీనమైన నమూనాను కౌంటర్ ముందు పెట్టినప్పుడు నిమిషానికి 660 లెక్కలు వచ్చాయనుకుందాం. నమూనా లేకుండా పరిసరాల నుంచే నిమిషానికి 20 లెక్కలు వస్తున్నాయి. నలభై రోజుల తర్వాత, నమూనాను కదపకుండా అదే దూరంలో ఉంచి కొలిస్తే కౌంటర్ నిమిషానికి 40 చూపుతుంది. పరిసర లెక్కలను తీసివేయకుండా 660ని 40తో భాగించే విద్యార్థికి 16.5 వస్తుంది, అంటే నాలుగు అర్ధజీవితకాలాలే గడిచాయనీ, అర్ధజీవితకాలం దాదాపు 10 రోజులనీ తేలుతుంది. ముందుగా రెండింటిలోంచీ 20 తీసివేస్తే 640, 20 మిగులుతాయి; నిష్పత్తి 32, n = 5, అర్ధజీవితకాలం 8 రోజులు. పరిసర లెక్కలు క్షయం చెందవు కాబట్టి, నమూనా బలహీనపడేకొద్దీ మొత్తం లెక్కలో వాటి వాటా పెరుగుతూ పోతుంది; మొదట 660లో 20గా ఉన్నవి ఇప్పుడు 40లో సగం.