విషయం: మూడో ల్యాబ్ అసైన్‌మెంట్ ఎంతవరకు కలిసి చేయొచ్చు?

నమస్తే మేడమ్,

నేను సౌజన్యని, బుధవారం బ్యాచ్. సెలవులకి ముమ్మిడివరం వచ్చాను, నీటి ఉప్పదనం అసైన్‌మెంట్ ఇక్కడి శాంపిల్స్‌తోనే చేస్తున్నాను. షీట్‌లో "చర్చించుకోవచ్చు, రిపోర్టు ఎవరిది వారే రాయాలి" అని ఉంది, కానీ ఆ రెండింటికీ మధ్యలో ఉన్న పనుల సంగతే నాకు తేలడం లేదు.

మా బోరు నీళ్లు, పక్కనున్న రొయ్యల చెరువు నీళ్లు, కాలువలు కట్టేసే ముందే పట్టిన పంట కాలువ నీళ్లు సీసాల్లో ఉన్నాయి. కండక్టివిటీ మీటర్ మాత్రం మా ఇంట్లో ఎక్కడిది? మా బాబాయిగారి అబ్బాయి ఆక్వా ల్యాబ్‌లో చేస్తాడు, సీసాలు ఇచ్చేస్తే రీడింగులు తీసి వాట్సాప్‌లో పెడతానంటున్నాడు. అలా తీసుకోవచ్చా, లేక మీటర్ వాళ్లదైనా రీడింగ్ నేనే తీయాలా? నాకైతే దగ్గరుండి తీయడమే ఇష్టం, ఎందుకంటే ఆ మీటర్ విలువని 25 డిగ్రీలకి సరిచేసి చూపిస్తోందో లేదో తెలియకపోతే మూడు శాంపిల్స్‌నీ పోల్చడం కుదరదు. ఎలా చేసినా అతని సాయం రిపోర్టులో రాస్తాను.

ఇంకోటి, నా ల్యాబ్ పార్ట్‌నర్ కాలేజీలోనే ఉండి క్యాలిబ్రేషన్ చేసింది. ఆ రీడింగులు ఇద్దరం వాడుకోవచ్చనే అనుకుంటున్నాను. కానీ తను నా ఎక్సెల్ ఫైల్ ఫార్ములాలతో సహా అడుగుతోంది. ఇస్తే కాపీ కిందకి వస్తుందా? లెక్క ఎలా వేశానో ఫోన్‌లో చెప్తే సరిపోతుందా? మీరు చెప్పేదాకా ఫైల్ పంపను.

శనివారం ఆక్వా ల్యాబ్‌కి వెళ్లాలి, ఆలోపు ఒక్క లైను రాసినా చాలు మేడమ్.

సౌజన్య