హనుమకొండ చౌరస్తా దగ్గర ఎగ్‌లెస్ కేక్, వేడి కర్రీ పఫ్ | ఉదయం 7 నుంచి రాత్రి 10 వరకు

లొకేషన్: హనుమకొండ, తెలంగాణ

"దగ్గర్లో బర్త్‌డే కేక్" వెతుకుతున్నారా? మా బేకరీ చౌరస్తా నుంచి నయీంనగర్ వెళ్లే దారిలో, ఎడమవైపు. మ్యాప్ పిన్ వెనక సందులో చూపిస్తుంది, అటు వెళ్లకండి. షట్టర్ మెయిన్ రోడ్డు వైపే.

ఆదివారం మధ్యాహ్నం 2 వరకే.

పఫ్‌లు ఓవెన్ నుంచి దిగేది ఉదయం 7:30కి, సాయంత్రం 4:30కి. ఇంటికెళ్లాక మైక్రోవేవ్‌లో పెడితే పొరలు మెత్తబడతాయి. సన్న మంటపై పెనం మీద మూతపెట్టకుండా 3 నిమిషాలు చాలు.

అరకిలో ఎగ్‌లెస్ పైనాపిల్ కేక్‌కు 4 గంటల ముందు చెప్పండి. ఫోటో కేక్‌కు ఒక రోజు. ఎండాకాలంలో కాజీపేట దాకా బైక్ మీదైతే క్రీమ్ జారుతుంది, బటర్‌క్రీమ్ అడగండి.

#హనుమకొండబేకరీ #వరంగల్‌ఎగ్‌లెస్‌కేక్ #దిల్‌పసంద్