అత్యవసర గర్భనిరోధక మాత్రలు ఇచ్చేటప్పుడు: నర్సులకు సూచనలు

మాత్ర కోసం వచ్చిన మహిళను ముందుగా అడగాల్సింది, కలిసి ఎన్ని గంటలైందని. ‘మొన్న’ అంటే చాలదు. రోజు, వేళ అడిగి రాసుకోండి. శనివారం రాత్రి 11కి కలిసి ఉంటే, మంగళవారం రాత్రి 11కి 72 గంటలు, గురువారం రాత్రి 11కి 120 గంటలు నిండుతాయి. పెళ్లయిందా, ఎవరితో కలిశారు అనే ఆరాలు మాత్ర ఇవ్వడానికి అక్కర్లేదు. బలవంతం జరిగిందని చెబితే మాత్రం మాత్ర ఇచ్చి ఊరుకోకండి, హెచ్‌ఐవీ నివారణ మందు 72 గంటల్లోపే మొదలుపెట్టాలి కాబట్టి వెంటనే డాక్టరుకు చూపండి.

లెవోనార్జెస్ట్రెల్ 1.5 మిల్లీగ్రాముల మాత్ర ఒకటి, లేదా 0.75వి రెండూ ఒకేసారి, మీ ఎదుటే మింగించండి. 72 గంటల్లోపు వేసుకోవాలి. 120 గంటల వరకూ ఇవ్వవచ్చు గానీ, ఆలస్యమైన కొద్దీ ఫలితం తగ్గుతుంది. ఈ మాత్ర అండం విడుదలను వాయిదా వేస్తుంది, విడుదలకు శరీరం సిద్ధమైపోయాక ఆపలేదు. అందుకే ‘ఇంకా టైముంది’ అని రేపు రమ్మనడం తప్పు. యూలిప్రిస్టాల్ 30 మిల్లీగ్రాములు ఉంటే, 72 గంటలు దాటినవారికి అదే మేలు, 120 గంటల్లోపు ఇవ్వాలి. అన్నిటికన్నా గట్టిది కాపర్ టీ. 5 రోజుల్లోపు వేయించుకోవచ్చని, ముఖ్యంగా లావుగా ఉన్నవారికి, తప్పక చెప్పండి. టీబీకి రిఫాంపిసిన్ గానీ, మూర్ఛకు ఫెనిటోయిన్, కార్బమజపైన్ గానీ వాడుతుంటే మాత్ర బలం తగ్గుతుంది. వారికీ కాపర్ టీ మంచిది.

వాంతి విషయం ఇంటికి పంపేముందే చెప్పండి. లెవోనార్జెస్ట్రెల్ వేసుకున్న 2 గంటల్లోపు వాంతయితే మందు ఒంటికి పట్టలేదనుకుని, వీలైనంత త్వరగా మళ్లీ అదే మోతాదు వేసుకోవాలి. యూలిప్రిస్టాల్‌కు ఈ గడువు 3 గంటలు. ఆ తర్వాత వాంతయితే మళ్లీ అక్కర్లేదు. మాత్ర కనబడిందా లేదా అని వాంతిలో వెతికే పని లేదు, గడియారం చూస్తే చాలు. ‘ఎన్నింటికి వేసుకున్నావమ్మా, ఎన్నింటికి కక్కావు?’ అని అడగండి. రెండోసారి వేసుకునేవారికి వాంతుల మందు ముందుగా ఇచ్చి, కాసేపు కూర్చోబెట్టండి. అదీ నిలవకపోతే డాక్టరును అడగండి, కాపర్ టీ మాట మళ్లీ ఎత్తండి. వికారం ఒక్కటే ఉంటే రెండో మోతాదు వద్దు.

ఈ మాత్ర గర్భస్రావం చేయదు, ఇప్పటికే ఉన్న గర్భానికి హాని చేయదు. మళ్లీ కలిస్తే దానికి రక్షణ ఇవ్వదు, కాబట్టి కండోమ్ ఇచ్చి పంపండి. లెవోనార్జెస్ట్రెల్ తర్వాత రోజువారీ మాత్రలు వెంటనే మొదలుపెట్టవచ్చు, యూలిప్రిస్టాల్ తర్వాత 5 రోజులు ఆగాలి. నెలసరి వారం దాటి ఆలస్యమైతే గర్భ పరీక్ష చేయించుకోవాలి. పొత్తికడుపులో ఒకపక్క తీవ్రమైన నొప్పి వస్తే అదే రోజు రమ్మనండి.