అరవై దాటాక మన పేరున వచ్చే పింఛను

అక్కలకు, చెల్లెళ్ళకు నమస్కారం. వాయిదాల లెక్క తేలింది, తీర్మానాల పుస్తకంలో సంతకాలూ అయ్యాయి. ఇంకో పది నిమిషాలు కూర్చోండి.

సంఘంలో మనం కట్టే పొదుపు ఒకచోట నిలవదు. ఒకరి గేదెకు, ఇంకొకరి పిల్లల ఫీజుకు అప్పుగా తిరుగుతూనే ఉంటుంది. తిరగాలి కూడా. కానీ కూలికి వెళ్ళే ఓపిక తగ్గిన నాటికి చేతిలోకి వచ్చే డబ్బు మాత్రం ఎవరూ అడగలేని చోట వేరుగా ఉండాలి.

2015లో మొదలైన అటల్ పెన్షన్ యోజన గురించి వినే ఉంటారు. 18 నుంచి 40 ఏళ్ళ లోపు వాళ్ళు, ఆదాయపు పన్ను కట్టనివాళ్ళు చేరవచ్చు. 60 ఏళ్ళు నిండాక నెలకు 1,000 నుంచి 5,000 రూపాయల వరకు, మనం ఎంచుకున్న పింఛను వస్తుంది. దీనికి ప్రభుత్వ హామీ ఉంది.

వెయ్యి రూపాయల పింఛనునే లెక్క వేద్దాం. 30 ఏళ్ళకు చేరిన చెల్లెలు నెలకు 116 రూపాయలు కడుతుంది, అంటే రోజుకు నాలుగు రూపాయలకు లోపే. ముప్పై ఏళ్ళలో కట్టేది 41,760. 40 ఏళ్ళకు చేరిన అక్క నెలకు 291 కడుతుంది. ఇరవై ఏళ్ళే కట్టినా మొత్తం 69,840 అవుతుంది. ఇద్దరికీ వచ్చేది అదే వెయ్యి! చెల్లెలి డబ్బు మీద వడ్డీ పదేళ్ళు ఎక్కువగా పెరిగింది, తేడా అంతే. ఇంట్లో 18 నిండిన కూతురుంటే తనకు 42 రూపాయలే.

ముప్పై ఏళ్ళ తర్వాత వెయ్యికి ఏం వస్తుందని లక్ష్మక్క అడుగుతోంది. సరైన ప్రశ్న. ధరలు పెరుగుతాయి, వెయ్యితో నెల గడవదు. అందుకే వీలైతే పెద్ద మొత్తమే ఎంచుకోండి. 30 ఏళ్ళ వాళ్ళకు 5,000 పింఛనుకు నెలకు 577. ఇప్పుడు అంత కుదరకపోతే చిన్నదానితో మొదలుపెట్టండి, ఏడాదికొకసారి పెంచుకునే వీలుంది.

మనం పోతే భర్తకు అదే పింఛను వస్తుంది. ఇద్దరూ పోయాక నామినీకి పోగైన సొమ్ము అందుతుంది. నామినీ పేరు రాయకుండా ఫారం ఇవ్వకండి.

ఖాతా మీ పేరునే ఉండాలి, సంఘం ఖాతా పనికిరాదు. డబ్బు ఖాతాలోంచి దానంతట అదే కట్ అవుతుంది కాబట్టి ఆ తేదీకి నిల్వ ఉంచండి, లేకపోతే జరిమానా పడుతుంది. నెలనెలా కష్టమైతే పంట డబ్బులు వచ్చినప్పుడు ఆరు నెలలకు ఒకసారి కట్టేలా పెట్టుకోవచ్చు. మధ్యలో తీసేసుకోవాలనుకుంటే మాత్రం నష్టమే, కట్టింది, దాని మీద వచ్చిన వడ్డీ, అదీ ఖర్చులు పోను చేతికొస్తాయి.

నలభై దాటిన అక్కలకు ఇది కుదరదు. వాళ్ళు పోస్టాఫీసు రికరింగ్ డిపాజిట్ చూడండి, నెలకు వంద నుంచే మొదలవుతుంది. నెలకు 500 వేస్తే అయిదేళ్ళకు అసలే 30,000, వడ్డీ అదనం. అది చేతికి వచ్చిన రోజే ఇంట్లో ఏదో అవసరం పుట్టుకొస్తుంది, మీకు తెలియనిది కాదు. తిరిగి వేసేయండి.

గురువారం బ్యాంకుకు వెళ్తున్నాను. ఆధార్, పాస్‌బుక్, ఫోను తెచ్చుకోండి. వచ్చేవాళ్ళు పేర్లు చెప్పండి, రాసుకుంటాను.