శ్రీకాళహస్తి కలంకారీ దుపట్టా ప్రకటన: పోల్చి చూడడానికి ఐదు ఆరంభాలు

శ్రీకాళహస్తిలోని మీ కార్ఖానాలో చేతితో గీసి, సహజమైన రంగులు వేసిన నూలు దుపట్టాను ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్‌ల ద్వారా అమ్మడానికి రాసిన ప్రకటన ఇది. ఐదు రూపాల్లోనూ ఫొటో, ధర, బటన్, ఆరంభం తరువాతి పాఠం ఒక్కటే. మారేవి మొదటి రెండు నుంచి నాలుగు వాక్యాలు మాత్రమే. ఫోనులో చూసేవారికి ఆ వాక్యాల తరువాతి భాగం ‘మరింత చూడండి’ వెనుక ముడుచుకుని ఉంటుంది కాబట్టి, మిగతాది చదవాలా వద్దా అన్నది వారు అక్కడే తేల్చుకుంటారు. ఒకే మాటను ఐదు రకాలుగా తిప్పి రాస్తే పరీక్షలో తేలేది ఏమీ ఉండదు. అందువల్ల ఒక్కో ఆరంభంలో కొనడానికి ఒక్కో వేరు కారణాన్ని ముందు పెట్టాను.

ముందుగా అన్నింటికీ ఉమ్మడిగా ఉండే పాఠం:

“ఈ దుపట్టా స్వచ్ఛమైన నూలుది, పొడవు రెండున్నర మీటర్లు. గుడ్డను మొదట కరక్కాయ పొడి కలిపిన పాలలో నానబెట్టి ఎండబెడతాము. చింతపుల్లల బొగ్గుతో బొమ్మను గుర్తు పెట్టుకుని, బెల్లాన్నీ ఇనుప ముక్కలనూ పులియబెట్టి తీసిన నల్లరంగుతో, వెదురు కలం పట్టి గీతలు గీస్తాము. ఆపైన పటిక పూసి, ఒక్కో రంగుకూ విడివిడిగా ఉతికి ఆరబెడతాము. ధర 2,400 రూపాయలు. పార్సిల్ ఖర్చు మాదే. ఆర్డరు ఇచ్చిన పదిహేను రోజుల్లో ఇంటికి చేరుతుంది. ఇప్పుడు ఏయే బొమ్మలు సిద్ధంగా ఉన్నాయో తెలుసుకోవడానికి కింద ఉన్న వాట్సాప్ బటన్ నొక్కండి.”

ఈ పాఠం ‘ఈ దుపట్టా’ అని మొదలవుతుంది. దుపట్టా ప్రస్తావన లేని ఆరంభం దీనికి అతకదు; అతుకు బయటపడిన ప్రకటన ఓడిపోతే, ఓడింది ఆలోచనో అతుకో చెప్పలేము. అందుకే ఐదింటిలోనూ ఆ మాట వచ్చేలా చూశాను.

ఆరంభం 1, పనితనం:

“కలంకారీలో ఒకసారి గీసిన గీతను చెరపలేము. కరక్కాయ పట్టిన గుడ్డకు కలం తగలగానే నలుపు పట్టేస్తుంది. ఈ దుపట్టా మీది ప్రతి గీతా తడబడని చేయి గీసినదే.”

ఇందులో పొగడ్త లేదు, జరిగే పని మాత్రమే ఉంది. కరక్కాయలోని వగరుకు ఇనుము తగలడం వల్లనే ఆ నలుపు పుడుతుంది కాబట్టి, ఎవరైనా వాట్సాప్‌లో అడిగినా మీరు నిస్సంకోచంగా వివరించవచ్చు. నా మొగ్గు దీనివైపే ఉంది. అయితే రాసినవాడి మొగ్గుకు పరీక్షలో విలువ లేదు.

ఆరంభం 2, అసలు నకిలీల ప్రశ్న:

“మీ దగ్గరున్న కలంకారీ చేతితో గీసిందా, స్క్రీన్ ప్రింటా? దాని మీద ఒకే రకం పువ్వులు రెండు వెతికి పక్కపక్కన చూడండి. ప్రింటులో రెండూ అచ్చం ఒక్కటే. ఈ దుపట్టాలో ఏ రెండూ ఒక్కలా ఉండవు.”

దీని విషయంలో ఒక జాగ్రత్త అవసరం. మొదట ‘అచ్చు వేసిందా’ అని రాసి, తరువాత ‘స్క్రీన్ ప్రింటా’ అని మార్చాను. మచిలీపట్నం కలంకారీ చెక్క అచ్చులతోనే వేస్తారు. అది కూడా అసలైన చేతిపనే. ‘అచ్చు’ అని రాస్తే ఆ పనివారిని నకిలీల జాబితాలో చేర్చినట్లవుతుంది. పైగా ప్రకటన కింద కామెంట్లలో ఆ తగవే నడుస్తుంది, దుపట్టా సంగతి పక్కకు పోతుంది. కాబట్టి ఈ పదాన్ని ఎవరూ తిరిగి మార్చవద్దని మనవి.

ఆరంభం 3, ధర:

“ఈ దుపట్టా ధర 2,400 రూపాయలు. బజారులో కొన్ని వందలకే దొరికే కలంకారీ చున్నీ కంటే ఇది చాలా ఎక్కువ. ఆ తేడా ఎందుకో కింద రాశాము.”

ధర చూసి వెనక్కు తగ్గేవారు ఇక్కడే తగ్గుతారు కాబట్టి దీనికి మెసేజ్‌లు తక్కువగా రావచ్చు. వచ్చినవారు మాత్రం బేరమాడకుండా కొనేవారై ఉండవచ్చు. కేవలం క్లిక్కులు లెక్కపెడితే దీనికి అన్యాయం జరుగుతుంది.

ఆరంభం 4, కట్టుకునే తీరు:

“తెల్లని సాదా కుర్తా మీద ఈ దుపట్టా వేసుకుంటే చాలు. ఆఫీసుకైనా, బంధువుల ఇంట పెళ్లికైనా వేరే నగ అక్కర్లేదు.”

ఆరంభం 5, ఊరు:

“శ్రీకాళహస్తి వచ్చి, రాహుకేతు పూజ చేయించుకుని, బస్సు వేళయిందని అటునుంచి అటే వెళ్లిపోయారా? ఆ గుడి నుంచి నడిచి వెళ్లేంత దూరంలోనే ఈ దుపట్టా తయారవుతోంది.”

తిరుమల యాత్రకు వచ్చినవారిలో చాలామంది శ్రీకాళహస్తికి కూడా వెళతారు. కానీ గుడి బయట కలంకారీ పని జరుగుతుందని వారిలో ఎందరు గమనిస్తారో అనుమానమే. ఈ ఆరంభం ఆ లోటును గుర్తుచేస్తుంది. పూజ పేరు చెప్పాము గదా అని దుపట్టాకు ఏ మహిమా అంటగట్టకూడదు. గోపురం ఫొటో కూడా పెట్టకూడదు, ఎందుకంటే ఫొటో మారితే పోలిక చెడుతుంది.

‘తరతరాల వారసత్వం’ అనే ఆరంభాన్ని కావాలనే వదిలేశాను. చేనేత ప్రకటనలన్నీ ఆ మాటతోనే మొదలవుతున్నాయి. ‘ఈ వారం మాత్రమే తగ్గింపు’ అన్నది కూడా పనికిరాదు, అది ఆరంభాన్ని కాదు, బేరాన్నే మార్చేస్తుంది.

ఇక ప్రకటన నడిపేవారికి. ఐదింటినీ ఒకే సెట్‌లో పడేస్తే, తొలి గంటల్లో కాస్త ముందున్నదానికే ఫేస్‌బుక్ డబ్బంతా మళ్లిస్తుంది, మిగతావాటికి అవకాశమే దక్కదు. కనుక A/B పరీక్ష సౌకర్యాన్ని వాడి, ఒక మనిషికి ఒక రూపమే కనిపించేలా విడదీయాలి. తిరుపతి, చిత్తూరు, హైదరాబాదు, బెంగళూరు, చెన్నైలలో తెలుగు తెలిసిన 25 నుంచి 55 ఏళ్ల మహిళలకు, ఒక్కో రూపానికి రోజుకు 300 రూపాయల చొప్పున 14 రోజులు నడపాలి. మొత్తం 21,000 రూపాయలు అవుతుంది. మధ్యలో ఏ ఒక్కటీ ఎంత వెనుకబడినా ఆపకూడదు.

ఏ ఆరంభం చూసి మెసేజ్ పెట్టారో తెలియడానికి, వాట్సాప్‌లో ముందే నిండి ఉండే వాక్యం చివర అంకె ఉంటుంది: “నమస్కారం, కలంకారీ దుపట్టా 3 వివరాలు కావాలి.” మెసేజ్‌లు చూసే అమ్మాయి ఆ అంకెను పుస్తకంలో రాసి, ఎదురుగా ‘అడిగి వదిలేశారు’, ‘బొమ్మ ఎంచుకున్నారు’, ‘డబ్బు పంపారు’ అని గుర్తు పెడితే చాలు. గెలుపు తేల్చేది డబ్బు పంపినవారి సంఖ్య. ఆ సంఖ్యలు మరీ చిన్నవైతే బొమ్మ ఎంచుకున్నవారిని లెక్కలోకి తీసుకుందాము. ఈ మాట ఇప్పుడే అనుకోవాలి, ఫలితం చూశాక కాదు.

ఐదు రూపాలంటే పది జతల పోలికలు. అన్ని జతల్లో ఏదో ఒకటి కేవలం అదృష్టం కొద్దీ ముందుకు రావడం మామూలే. మొదటి రెండింటి మధ్య తేడా స్వల్పంగా ఉంటే గెలుపు ప్రకటించకుండా, ఆ రెండింటినే మళ్లీ 14 రోజులు నడుపుదాము.

చేతిపని కాబట్టి నిల్వ గురించి కూడా చెప్పాలి. పరీక్ష సగంలో దుపట్టాలు అయిపోయి, అప్పటినుంచి వచ్చినవారికి ‘నెల ఆగాలి’ అని చెప్పవలసి వస్తే, ఐదింటినీ ఒకే గంటలో ఆపి, సరుకు సిద్ధమయ్యాక మళ్లీ మొదటి రోజు నుంచి మొదలుపెట్టాలి.