రాత్రి తొమ్మిది దాటితే సర్వర్ నత్తనడక: st కాలమ్ చూడండి

మీ బిల్లింగ్ సైట్ రోజూ రాత్రి తొమ్మిది దాటగానే నెమ్మదిస్తోందని, తప్పు డేటాబేస్‌దేమోనని అడిగారు. మీరు పంపిన top స్క్రీన్‌లో ఈ ఒక్క లైన్ చాలు:

```
%Cpu(s): 38.2 us, 6.1 sy, 0.0 ni, 21.5 id, 0.4 wa, 0.0 hi, 0.6 si, 33.2 st
```

ఇక డేటాబేస్ జోలికి వెళ్లకండి. wa, అంటే ఐఓ వెయిట్, 0.4 మాత్రమే ఉందంటే డిస్క్ దగ్గర ఆలస్యం లేనట్టే. అసలు సంగతి చివర్న ఉన్న st, అంటే స్టీల్ టైమ్. మీ విఎంలో పని సిద్ధంగా ఉన్నా, హోస్ట్ కోర్ ఆ సమయానికి వేరేవాళ్ల విఎంని నడుపుతోంది. ఉన్న కోర్ల కన్నా ఎక్కువ వీసీపీయూలు అమ్మడం చవక ప్లాన్లలో మామూలే. అందరూ ఒకేసారి పని మొదలుపెట్టే దాకా ఎవరికీ తెలియదు.

వర్కర్లను 4 నుంచి 8కి పెంచానన్నారు కదా, వెంటనే తగ్గించండి. కోర్ దొరకనప్పుడు వర్కర్లు పెరిగితే క్యూ పొడుగవుతుంది, అంతే. పైగా లాక్ పట్టుకున్న ప్రాసెస్ నడుస్తున్న వీసీపీయూనే హోస్ట్ పక్కన పెట్టేస్తే, ఆ లాక్ కోసం మిగతావన్నీ ఆగిపోతాయి. స్టీల్ మూడో వంతే ఉన్నా కొన్ని రిక్వెస్టులు సెకన్ల కొద్దీ వేలాడేది ఇందుకే.

పక్కవాళ్ల మీద నెట్టేసే ముందు ఒక్కటి సరిచూసుకోవాలి. ఏడబ్ల్యూఎస్ టీ3 లాంటి బరస్టబుల్ మెషీన్లలో స్టాండర్డ్ మోడ్‌లో సీపీయూ క్రెడిట్లు అయిపోయినా st పెరుగుతుంది. అది మన కోటా అయిపోవడం, పక్కవాళ్ల తప్పు కాదు. మీది ఆ రకం కాదు గనక ఇలా కొలవండి:

```
sar -u -s 20:00:00 -e 23:50:00
time sh -c 'head -c 1G /dev/zero | sha256sum'
```

sar పాత లెక్కలు చూపాలంటే sysstat ముందే నడుస్తూ ఉండాలి. రెండోది మధ్యాహ్నం ఒకసారి, రాత్రి ఒకసారి నడిపి real పోల్చండి. విఎం ఖాళీగా ఉన్నప్పుడు st సున్నా చూపించినా నమ్మకండి. అడిగే పనే లేకపోతే దొంగిలించడానికీ ఏమీ ఉండదు.

సపోర్ట్‌కి ఇలా రాయండి, "సర్వర్ స్లో" అని మాత్రం రాయకండి:

"నమస్తే. మా 2 వీసీపీయూ విఎంలో రోజూ రాత్రి 9 నుంచి 11 వరకు స్టీల్ 30 శాతం దాటుతోంది. అదే సమయంలో ఐఓ వెయిట్ 1 శాతం లోపే. మధ్యాహ్నం 3 సెకన్లలో అయ్యే sha256sum పరీక్ష రాత్రి 5 సెకన్లు పడుతోంది. sar లాగ్ జత చేశాం. మా ప్లాన్‌కి సీపీయూ పరిమితి ఏదైనా పెట్టారా? లేకపోతే విఎంని రద్దీ తక్కువ ఉన్న హోస్ట్‌కి మార్చండి. డౌన్‌టైమ్ అవసరమైతే తెల్లవారుజామున 3 గంటలకు మాకు అభ్యంతరం లేదు."

జవాబు వచ్చేలోగా రీబూట్‌తో ఆశ పెట్టుకోకండి, మామూలుగా అదే హోస్ట్ మీద లేస్తుంది. వాళ్లు మార్చాక కూడా వారంలో మళ్లీ ఇదే పరిస్థితి వస్తే డెడికేటెడ్ సీపీయూ ప్లాన్ తీసుకోండి. బిల్లింగ్ సైట్‌కి ఆ ఖర్చు దండగ కాదు.